సగటు లేని చోట ఒక సగటు

తిన్నగా, అంతు లేకుండా సాగిపోయే ఒక తీరం ఉందనుకోండి. ఒడ్డుకు సరిగ్గా ఒక కిలోమీటరు లోపల, సముద్రంలో ఒక లైట్‌హౌస్ ఉంది. దాని దీపం గిర్రున తిరుగుతూ, ఏ క్షణాన పడితే ఆ క్షణాన ఒక మెరుపు మెరుస్తుంది. ఏ దిక్కుకూ ప్రత్యేకమైన మొగ్గు లేదు. ఒడ్డు వైపు వచ్చిన ప్రతి మెరుపూ తీరం మీద ఎక్కడ పడిందో మనం రాసుకుంటాం. లైట్‌హౌస్‌కు ఎదురుగా ఉన్న చోటును సున్నా అనుకుందాం. కుడివైపు కిలోమీటర్లు ధన సంఖ్యలు, ఎడమవైపువి రుణ సంఖ్యలు. ఇలా పోగైన వేల సంఖ్యల సగటు ఎంత?

రెండు వైపులా అంతా ఒకేలా ఉంది కాబట్టి సగటు సున్నాయే అని ఎవరైనా అంటారు. గణితం మాత్రం ఒప్పుకోదు. ఈ సంఖ్యలకు సగటు అనేదే లేదు. సున్నా కాదు, అనంతమూ కాదు, అసలు లేదు. ఈ విభాజనానికి కోషీ విభాజనం అని పేరు. 1853లో ఫ్రెంచి గణితవేత్త కోషీ, తోటి గణితవేత్త బియెనెమేతో వాదానికి దిగినప్పుడు దీన్ని ముందుకు తెచ్చాడు. అంతకు చాలా ముందే, 1824లో, పాస్సాన్ దీని విడ్డూరాన్ని గమనించాడు. సంభావ్యతా శాస్త్రంలో బాగా అలవాటైన పనిముట్లన్నీ ఈ లైట్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ఎత్తేయనిది ఒకటుంది. దాని పేరు క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్. తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో లాక్షణిక ప్రమేయం.

ముందు సగటు ఎందుకు లేదో చూద్దాం. దీపం కోణం ఎడమ 90 డిగ్రీల నుంచి కుడి 90 డిగ్రీల దాకా సమానంగా పరుచుకుని ఉంటుంది. మెరుపు పడే చోటు ఆ కోణానికి టాన్ విలువ. కోణం 45 డిగ్రీల లోపు ఉంటే మెరుపు ఒక కిలోమీటరు లోపలే పడుతుంది. అంటే సగం మెరుపులు దగ్గరలోనే పడతాయి. కానీ కోణం 90కి దగ్గరవుతున్న కొద్దీ వెలుగు తీరానికి దాదాపు సమాంతరంగా పోయి ఎక్కడో దూరాన తగులుతుంది. పది కిలోమీటర్లు దాటి పడేవి సుమారు 16లో ఒకటి. వంద దాటేవి 157లో ఒకటి. వెయ్యి దాటేవి 1571లో ఒకటి. దూరం పది రెట్లయితే అవకాశం పదో వంతు అవుతోంది, అంతే. అది తగ్గే తీరు చాలా నిదానం. అందరికీ తెలిసిన గంట ఆకారపు సామాన్య విభాజనంలో పది ప్రామాణిక విచలనాలు దాటిన సంఖ్య విశ్వం వయసంతా ఎదురుచూసినా కనిపించడం కష్టం.

విభాజనం అంచుల్లో ఇలా సాగే భాగాన్ని తోక అంటారు. మన తోక ఎంత బరువైనదంటే, కుడివైపు R కిలోమీటర్ల వరకు మాత్రమే లెక్కేస్తే సగటుకు వచ్చే వాటా ln(1+R²)/2π. R పెరిగితే ఇది మెల్లగానైనా ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ఎడమవైపూ అంతే, రుణ గుర్తుతో. రెండు అనంతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా మిగులుతుందని ఆశ పడతాం. సమానంగా, −R నుంచి R దాకా కోస్తే సున్నాయే వస్తుంది. కానీ −R నుంచి 2R దాకా కోసి R ను పెంచుకుంటూ పోతే వచ్చేది (ln 2)/π, అంటే దాదాపు 0.22. ఎక్కడ కోశామన్నదాన్ని బట్టి మారే జవాబును సగటు అనలేం.

ఇప్పుడు పనిముట్ల సంగతి. ఒక యాదృచ్ఛిక చలరాశి X గురించి తెలిసినదంతా ఒకే సూత్రంలో మూటగట్టడానికి డిగ్రీ తరగతుల్లో నేర్పేది మూమెంట్ జనరేటింగ్ ఫంక్షన్. విద్యార్థులంతా దాన్ని ఎం.జి.ఎఫ్. అనే పిలుస్తారు. ఒక సంఖ్య t తీసుకుని, ప్రతి X విలువకూ e^(tX) లెక్కగట్టి, వాటి సగటు తీయాలి. సగటుకు E అని రాస్తే:

M(t) = E[e^(tX)]

దీన్ని t=0 దగ్గర ఒకసారి అవకలనం చేస్తే X సగటు వస్తుంది, రెండోసారి చేస్తే X² సగటు వస్తుంది. ఈ వరుసలోని సగటులనే మూమెంట్లు అంటారు, ఆ పేరు అందుకే వచ్చింది. దీని అసలు బలం మరోటి. X, Y ఒకదానితో ఒకటి సంబంధం లేని రాశులైతే X+Y కి ఎం.జి.ఎఫ్. ఆ రెండింటి ఎం.జి.ఎఫ్.ల లబ్ధం. మొత్తాల విభాజనం కనుక్కోవడం నిజానికి నడుం విరిగే పని, ఎన్నో సమాకలనాలు చేయాలి. ఇక్కడ అది మామూలు గుణకారంగా మారిపోతుంది.

ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది, తోక తేలిగ్గా ఉండాలి. e^(tx) ఎంత వేగంగా పెరుగుతుందో తెలిసిందే. తోక కనీసం అదే వేగంతో కుంచించుకుపోకపోతే సగటు అనంతమైపోతుంది. t ని బాగా చిన్నది తీసుకుంటే గండం గడుస్తుందేమో అనిపించడం సహజం. లైట్‌హౌస్ దగ్గర అదీ చూద్దాం. మెరుపు పడే చోటు సాంద్రత 1/(π(1+x²)). t = 0.01 తీసుకుందాం. x = 1000 దగ్గర e^(tx) అంటే e^10, దాదాపు 22,026. దాన్ని అక్కడి సాంద్రతతో గుణిస్తే సుమారు 0.007 వస్తుంది. పర్వాలేదనిపిస్తుంది. x = 2000 దగ్గర అదే లబ్ధం 38 దాటుతుంది. x = 3000 దగ్గర మూడు లక్షల డెబ్భై వేలు దాటిపోతుంది. ఇలాంటివాటిని అనంతం దాకా కలుపుకుంటూ పోవాలి. t ని ఇంకా చిన్నది చేసినా పేలుడు కాస్త దూరం జరుగుతుందే తప్ప తప్పిపోదు. t = 0 ఒక్కటి మినహా ఏ t దగ్గరా కోషీకి ఎం.జి.ఎఫ్. లేదు. ఆ ఒక్క చోట వచ్చే విలువ 1, అది ఏ విభాజనానికైనా అంతే కనుక మనకేమీ చెప్పదు.

క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ చేసే మార్పు చూడటానికి చాలా చిన్నది. t ఉన్న చోట it పెడతారు. ఇక్కడ i అంటే −1 కి వర్గమూలం.

φ(t) = E[e^(itX)] = E[cos tX] + i E[sin tX]

ఒక్క అక్షరం చేరింది. కానీ దానితో పెరుగుదల కాస్తా పరిభ్రమణంగా మారిపోయింది. e^(tx) సంఖ్యను పైపైకి ఎగరేసేది. e^(itx) దాన్ని ఒక వృత్తం మీద తిప్పుతుంది. కొసైన్ వర్గం, సైన్ వర్గం కలిస్తే ఎప్పుడూ 1 కాబట్టి, x ఎంతైనా సరే e^(itx) అనే బిందువు కేంద్రానికి సరిగ్గా ఒక యూనిట్ దూరంలోనే ఉంటుంది. సంఖ్యారేఖ మొత్తాన్ని నూలులా ఒక గుండ్రటి కండెకు చుడుతున్నట్టు ఊహించుకోండి. t అనేది ఎంత బిగువుగా, ఎన్ని చుట్లు చుడుతున్నామో చెప్పే సంఖ్య. సున్నా దగ్గర పడ్డ మెరుపైనా, పది లక్షల కిలోమీటర్ల అవతల పడ్డదైనా, చివరికి ఆ కండె మీద ఎక్కడో ఒక చోటే ఉంటుంది. దూరం ఎంతైనా కండెను దాటిపోదు.

ఇక సగటు తీయడమే మిగిలింది. ఒక వృత్తం మీద ఎన్ని బిందువులు పెట్టి, వాటికి ఎలాంటి బరువులు ఇచ్చి సగటు తీసినా, వచ్చే బిందువు ఆ వృత్తం లోపలో అంచు మీదో ఉంటుంది. బయటికి పోయే దారి లేదు. లైట్‌హౌస్ సగటును చెడగొట్టిన అనంతం మైనస్ అనంతం చిక్కు కూడా ఇక్కడ రాదు. ఎందుకంటే ప్రతి పదం పరిమాణం 1, బరువులన్నీ కలిపితే 1. గుర్తులు వదిలేసి పరిమాణాలన్నీ కలిపినా మొత్తం 1 దాటదు. కనుక రేఖను ఎక్కడ కోసి లెక్కపెట్టినా జవాబు ఒకటే. క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ ఎప్పుడూ, ప్రతి t దగ్గరా ఉంటుందనడానికి పూర్తి నిరూపణ ఇంతే. తోక ఎంత బరువైనదో ఎక్కడా అడగలేదు. సాంద్రత ఉందా లేదా అని కూడా అడగలేదు. ఇంత పెద్ద ఫలితానికి ఇంత చిన్న నిరూపణ ఉండటం నాకు ఎప్పుడూ సంతోషాన్నిచ్చే విషయం.

ఇక్కడ చురుకైన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. అంత పొడవు రేఖను చిన్న వృత్తానికి చుట్టేశాక సమాచారం పోదా? t = 1 అయితే x, x+2π ఒకే చోటికి వచ్చి పడతాయి. ఆ రెండింటిలో ఏది ఏదో ఇక చెప్పలేం. నిజమే, ఒక్క t తో సమాచారం పోతుంది. కానీ మన దగ్గర ఒక్క t కాదు, అన్ని t లూ ఉన్నాయి. ఒక బిగువులో కలిసిపోయిన రెండు బిందువులు మరో బిగువులో విడిపోతాయి. అన్ని t ల దగ్గరి φ విలువలు తెలిస్తే మూల విభాజనాన్ని తిరిగి రాబట్టే సూత్రం ఉంది. దాన్ని ఫ్రెంచి గణితవేత్త పాల్ లెవీ పేరుతో పిలుస్తారు. ఆయన 1925లో అచ్చయిన తన సంభావ్యతా గ్రంథంలో ఈ పద్ధతిని కేంద్రంగా నిలబెట్టాడు. అంటే రెండు వేర్వేరు విభాజనాలకు ఒకే క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ ఉండదు. గుణకారం సౌకర్యమూ చెక్కుచెదరలేదు. X, Y స్వతంత్రమైతే X+Y కి φ ఆ రెండు φ ల లబ్ధమే.

లైట్‌హౌస్‌కు తిరిగి వద్దాం. కుడి ఎడమలు సమానం కాబట్టి సైన్ భాగం సగటు సున్నా. కొసైన్ భాగాన్ని సమాకలనం చేస్తే వచ్చేది ఇది:

φ(t) = e^(−|t|)

t = 0 దగ్గర 1, t = 1 దగ్గర 0.368, t = 2 దగ్గర 0.135. సగటు కూడా లేని విభాజనానికి ఇంత శుభ్రమైన సూత్రం. దీని గ్రాఫ్ గీస్తే t = 0 దగ్గర ఇంటి కప్పులా ఒక మొన ఉంటుంది. ఎడమ నుంచి ఎక్కే వాలు, కుడికి దిగే వాలు కలవవు, కాబట్టి అక్కడ అవకలనం కుదరదు. సగటు ఉన్న ప్రతి విభాజనానికీ φ సున్నా దగ్గర నున్నగా అవకలనం అవుతుంది. ఇది కాలేదు కనుక సగటు లేదు. సగటు లేదన్న సంగతిని φ దాచలేదు, సరిగ్గా ఆ మొనలో చూపిస్తోంది. అయితే దీన్ని తిరగేసి వాడకూడదు. φ ఒకసారి అవకలనం అయినంత మాత్రాన సగటు తప్పక ఉందని చెప్పలేం. అలా కాని ఉదాహరణలు ఉన్నాయి.

ఇప్పుడు n మెరుపులు రాసుకుని వాటి సగటు తీశామనుకోండి. మొత్తానికి φ అంటే e^(−|t|) ని n సార్లు గుణించాలి, e^(−n|t|) వస్తుంది. సగటు కోసం n తో భాగిస్తాం, అంటే t బదులు t/n పెట్టాలి. n, n కొట్టుకుపోయి మళ్లీ e^(−|t|) మిగిలింది. వెయ్యి మెరుపుల సగటు ఒక్క మెరుపు ఎంత చెల్లాచెదురుగా ఉందో అంతే చెల్లాచెదురుగా ఉంది! కొలతలు ఎక్కువ తీసుకుని సగటు చేస్తే పొరపాటు తగ్గుతుందన్న సర్వసాధారణ నమ్మకం ఇక్కడ ఏమాత్రం పనిచేయదు. సామాన్య విభాజనానికి φ(t) = e^(−t²/2). అదే లెక్క అక్కడ చేస్తే e^(−t²/2n) వస్తుంది, n పెరిగే కొద్దీ విభాజనం ఇరుకవుతుంది. వర్గం ఉందా లేదా అన్న తేడాతో ఒక చోట సగటు బలపడుతుంది, మరో చోట బలపడదు. క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ లేకుండా ఈ సంగతి తేల్చాలంటే పేజీల కొద్దీ సమాకలనాలు చేయాలి.

దీన్ని పనిలోనూ పెట్టొచ్చు. లైట్‌హౌస్ ఎక్కడుందో, ఒడ్డుకు ఎంత దూరంలో ఉందో తెలియదనుకుందాం. తీరం మీద మెరుపులు పడ్డ చోట్లు మాత్రమే చేతిలో ఉన్నాయి. లైట్‌హౌస్ a అనే చోటుకు ఎదురుగా, b కిలోమీటర్ల లోపల ఉంటే, φ(t) బిందువు కేంద్రం నుంచి e^(−b|t|) దూరంలో, at రేడియన్ల కోణంలో ఉంటుంది. కాబట్టి డేటాలోని ప్రతి x కూ e^(itx) లెక్కగట్టి సగటు తీసి, ఆ బిందువు కోణాన్ని t తో భాగిస్తే a వస్తుంది. దూరం నుంచి b వస్తుంది. కంప్యూటర్ మీద a = 2, b = 1 పెట్టి చూడొచ్చు:

```python
import numpy as np
rng = np.random.default_rng()
x = 2 + np.tan(np.pi * (rng.random(10000) - 0.5))
t = 0.5
z = np.mean(np.exp(1j * t * x))
print(np.mean(x), np.median(x))
print(np.angle(z) / t, -np.log(abs(z)) / t)
print(np.mean(np.exp(0.01 * x)))
```

దీన్ని నాలుగైదు సార్లు నడిపితే, మొదటి ముద్రణలోని మామూలు సగటు ప్రతిసారీ ఒక్కో తీరుగా దూకుతుంది. దాని పక్కనున్న మధ్యగతం, అంటే సంఖ్యలన్నిటినీ వరుసలో పెడితే నడుమ వచ్చేది, 2 దగ్గర స్థిరంగా ఉంటుంది. రెండో ముద్రణలో a, b ల అంచనాలు సాధారణంగా 2, 1 లకు నాలుగు వందో వంతుల తేడా లోపే వస్తాయి. తీరం మీది సంఖ్యల సగటు దేనికీ కొరగాలేదు, వృత్తం మీద తీసిన సగటు లైట్‌హౌస్‌ను పట్టిచ్చింది.

మూడో ముద్రణను కాస్త జాగ్రత్తగా చూడాలి. అది ఎం.జి.ఎఫ్. అంచనా. అసలు లేనిదానికి కూడా కంప్యూటర్ మామూలుగా ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఒకసారి చిన్నది, ఇంకోసారి కోట్లలో, అప్పుడప్పుడు inf కూడా రావచ్చు. చేతిలో ఉన్నది పరిమితమైన డేటా కాబట్టి దాని సగటు లెక్కకు అందుతుంది, అంతమాత్రాన విభాజనానికి ఎం.జి.ఎఫ్. ఉన్నట్టు కాదు. గుర్తుపట్టే దారి ఒకటే. డేటా మారినప్పుడు, లేదా రెట్టింపు చేసినప్పుడు, ఆ సంఖ్య కుదురుకుంటోందా? ఒకే ఒక్క పెద్ద x తీసేస్తే మొత్తం కూలిపోతోందా? కూలిపోతే ఆ అంచనాను నమ్మకూడదు.

φ అంచనాకూ హద్దులున్నాయి. పదివేల సంఖ్యలుంటే దానిలో పొరపాటు దాదాపు 0.01 ఉంటుంది. t = 5 దగ్గర e^(−5) విలువ 0.0067 మాత్రమే, పొరపాటు కన్నా చిన్నది. అక్కడ కనిపించే బిందువు కోణానికి అర్థం లేదు. t = 2 అయినా చిక్కే. కోణం 4 రేడియన్లు కావాలి, కానీ అర చుట్టు దాటిన కోణాన్ని కంప్యూటర్ వెనక్కి తిప్పి సుమారు −2.28 అని చెబుతుంది. దాన్ని 2తో భాగిస్తే a దాదాపు −1.14 వస్తుంది, శుద్ధ తప్పు. అందుకే చిన్న t తో మొదలుపెట్టాలి.

కోషీ ఒక విపరీతమైన కేసు అనిపించవచ్చు. అంత విపరీతం కానిది లాగ్‌నార్మల్ విభాజనం. ఒక రాశి లాగరిథం సామాన్య విభాజనంలో ఉంటే ఆ రాశిది లాగ్‌నార్మల్. ఆదాయాలకూ కణాల పరిమాణాలకూ దీన్ని తరచూ వాడతారు. దీనికి సగటు ఉంది, వర్గాల సగటు ఉంది, ఘనాల సగటు ఉంది, మూమెంట్లన్నీ ఉన్నాయి. అయినా t ధనాత్మకమైతే ఎం.జి.ఎఫ్. అనంతమే, తోక ఇంకా బరువే కాబట్టి. పైగా సరిగ్గా ఇవే మూమెంట్లున్న, కానీ దీనికి భిన్నమైన విభాజనాలు ఉన్నాయని సి.సి. హైడ్ 1963లో చూపించాడు. మూమెంట్ల జాబితా మొత్తం చేతిలో ఉన్నా విభాజనం ఏదో తేలదన్నమాట. క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ మాత్రం వాటిని వేరు చేస్తుంది. అయితే లాగ్‌నార్మల్‌కు φ ఉంది కానీ దానికి సులువైన సూత్రం లేదు, సంఖ్యాత్మకంగా లెక్కగట్టుకోవాలి. ఉండటం వేరు, చక్కని సూత్రంలో ఒదగడం వేరు.

ఎప్పుడూ ఉంటుందన్న ఈ భరోసా మీదే ఆధునిక సంభావ్యతలో పెద్ద సిద్ధాంతాలు నిలబడ్డాయి. అనేక చిన్న రాశుల మొత్తం సామాన్య విభాజనానికి చేరువవుతుందన్న కేంద్ర అవధి సిద్ధాంతాన్ని రష్యన్ గణితవేత్త లియపునోవ్ 1901లో ఈ పనిముట్టుతోనే విస్తృతంగా నిరూపించాడు. మన తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, కాగన్, లిన్నిక్ అనే ఇద్దరు సోవియట్ గణితవేత్తలతో కలిసి 1970ల్లో రాసిన గ్రంథమూ ఈ దారిదే. ఫలానా ధర్మం ఉన్న విభాజనం సామాన్య విభాజనం ఒక్కటే అని తేల్చే సిద్ధాంతాలు అందులో ఉన్నాయి. వాటిలో చాలావాటి నిరూపణ క్యారెక్టరిస్టిక్ ఫంక్షన్ల సమీకరణాల మీద నడుస్తుంది.

ఇంతా చెప్పి ఎం.జి.ఎఫ్.ను పక్కన పడేయమనడం లేదు. సున్నా చుట్టూ చిన్న మేరలోనైనా అది ఉంటే తోక వేగంగా పలచబడుతుందన్న హామీ దొరుకుతుంది. పెద్ద విలువలు వచ్చే అవకాశానికి పై హద్దు కట్టడానికి అదే సూటి దారి. కేవలం φ ఉండటం అలాంటి హామీ ఏదీ ఇవ్వదు, అది అందరికీ ఉంటుంది కాబట్టి. సంఖ్యాశాస్త్రం చదువుతున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఎం.జి.ఎఫ్. రాసే ముందు తోక ఎలా తగ్గుతుందో ఒక్క వరుసలో లెక్క చూసుకోండి. ఘాతీయంగా తగ్గితే ఎం.జి.ఎఫ్. వాడండి. లేకపోతే t పక్కన i పెట్టండి.